నాన్నగారి పేరు మీదున్న కరెంటు సర్వీసు అమ్మ పేరుకు మార్చిన అనుభవం

నాన్నగారు పోయాక ఇంటి సర్వీసు అమ్మ పేరుకు మార్చాలనుకున్నాం. ముందు పాత బకాయి కట్టేశాం. బాకీ ఉంటే దరఖాస్తు కదలదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తాజా బిల్లు, అమ్మ ఆధార్ ఇచ్చాం. అన్నయ్య, చెల్లి, నేను మాకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద రాసి సంతకాలు పెట్టాం.

అయినా ఆగింది. బిల్లులో నాన్నగారి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, మరణ ధ్రువపత్రంలో పూర్తిగా ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్, ఇంటి పన్ను రసీదు జతచేశాకే పని అయింది. వారసులు చాలామంది ఉన్నవాళ్లు ఇది ముందే సరిచూసుకోండి, మళ్లీ అందరినీ పోగుచేయడం చాలా కష్టం.

పాత సెక్యూరిటీ డిపాజిట్ కూడా కొత్త పేరుకే బదిలీ చేయాలని వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితంలోనే ఒక వాక్యం రాయించండి. తర్వాతి బిల్లులో పేరు మారిందో లేదో చూసుకోండి.