ఫీచర్లన్నీ రాశాం, మరి షాపాయన ధర అడిగి ఎందుకు ఫోన్ పెట్టేస్తున్నాడు?

మెడికల్ షాపులకు అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేజీ ఒకటి తీసుకుందాం. అందులో ఇలా ఉంది: "బ్యాచ్‌వైజ్ ఇన్వెంటరీ, ఎక్స్‌పైరీ అలర్ట్స్, ఆటో క్లౌడ్ బ్యాకప్, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్."

సమస్య: ఫోన్ చేసినవాళ్లు ధర ఒక్కటే అడుగుతున్నారు

కారణం: పక్క కంపెనీ పేజీలోనూ ఇవే మాటలున్నాయి. తేడా తెలియనప్పుడు పోల్చుకోవడానికి మిగిలేది ధరే. పైగా ఇవి సాఫ్ట్‌వేర్‌లో ఏముందో చెబుతున్నాయి తప్ప, కౌంటర్ దగ్గర ఏం మారుతుందో చెప్పడం లేదు.

పరిష్కారం: ఒక్కో ఫీచర్‌నీ పట్టుకుని "అయితే ఏంటి?" అని అడుగుతూ పోండి. ఎక్స్‌పైరీ అలర్ట్ ఉంది. అయితే ఏంటి? గడువు దగ్గరపడ్డ మందులు ముందే తెలుస్తాయి. అయితే ఏంటి? డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకునే గడువులోపే పంపేయొచ్చు, ఆ డబ్బు మునగదు. అక్కడ ఆగండి. ఇప్పుడు పేజీలో రాయాల్సిన వాక్యం ఇది:

"మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అయ్యే మందులు ఏ ర్యాకులో ఎన్ని స్ట్రిప్పులున్నాయో నెల మొదట్లోనే లిస్టు వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకునే గడువులోపే పంపేయండి."

సమస్య: తిరగరాశాక అన్ని వాక్యాలూ ఒకేలా ఉన్నాయి

కారణం: "అయితే ఏంటి?" ఒకసారి ఎక్కువ అడిగారు. అలా అడిగితే ఏ ఫీచరైనా చివరికి "సమయం ఆదా, మనశ్శాంతి" దగ్గరే తేలుతుంది. ఆ మాట ఫ్యాన్ అమ్మేవాడూ రాస్తాడు.

పరిష్కారం: ఒక మెట్టు కిందికి దిగండి. క్లౌడ్ బ్యాకప్‌కి "మనశ్శాంతి" అని కాకుండా "కంప్యూటర్ పాడైనా, కొత్తదానిలో లాగిన్ అయితే నిన్న రాత్రి వరకు కొట్టిన బిల్లులన్నీ కనిపిస్తాయి" అని రాయండి. బ్యాకప్ నిజంగా రోజూ రాత్రే జరుగుతోందో లేదో మాత్రం ముందు మీ డెవలపర్‌ని అడగండి.

సమస్య: అన్నీ విడమర్చి రాస్తే షాపాయనకి చిరాకొచ్చింది

కారణం: ఆయనకి తెలియనివి మన మాటలే, ఆయన వ్యాపారపు మాటలు కాదు. హెచ్1 అంటే ఏమిటో ఆయన మనకే పాఠం చెబుతాడు. హెచ్1 జాబితాలోని మందు అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎంత ఇచ్చిందీ విడిగా రాసి, మూడేళ్లు దాచాలి.

పరిష్కారం: "హెచ్1" అలాగే ఉంచి, పని మాత్రం చెప్పండి: "బిల్లు కొట్టగానే హెచ్1 రిజిస్టర్‌లో ఎంట్రీ పడుతుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే ప్రింట్ తీసి ఇవ్వండి." సాంకేతిక వివరాల పట్టిక పేజీ అడుగున ఉంచండి. షాపాయన తమ్ముడో, కంప్యూటర్లు చూసే కుర్రాడో దాన్ని వెతుక్కుంటాడు.

సమస్య: కొన్న నెలకే "ఎక్స్‌పైరీ లిస్టు ఖాళీగా వస్తోంది" అని ఫిర్యాదు

కారణం: కొనుగోలు బిల్లు ఎక్కించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీలు వేయలేదు. పేజీలో లాభం చెప్పారు, దానికి ఆయన చేయాల్సిన పని చెప్పలేదు.

పరిష్కారం: ఆ లిస్టు గురించిన వాక్యం కిందే, అదే సైజు అక్షరాల్లో ఇది చేర్చండి: "సరుకు ఎక్కించేటప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ వేస్తేనే ఈ లిస్టు వస్తుంది."