నెలవారీ సమావేశానికి ముందు ఫిర్యాదుల రిజిస్టర్‌ను ఎలా పరిశీలించాలి?

అపార్ట్‌మెంట్ సంఘంలో ఫిర్యాదుల రిజిస్టర్‌ను సాధారణంగా సమావేశం రోజు సాయంత్రమే తెరిచి, గత నెల పేజీల్లో ఎరుపు సిరాతో టిక్కు పడని వరుసలను చదివేసి, అవే పెండింగు పనులని ప్రకటిస్తారు. కర్నూలులోని మా ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు కార్యదర్శిగా పనిచేసిన కాలంలో మొదట్లో నేనూ అలాగే చేశాను. టిక్కు పడిన వరుసల్లోనే అసలు పెండింగు దాగి ఉంటుందని ఒక బాత్‌రూము చెమ్మ వల్ల తెలిసింది. అందుకే ఈ వ్యాసంలో ఆ ఒక్క ఫిర్యాదునే వెంట పెట్టుకుని పద్ధతిని వివరిస్తాను.

సమావేశానికి కనీసం ఐదు రోజుల ముందు రిజిస్టర్‌ను చేతిలోకి తీసుకోవాలి, ఎందుకంటే పరిశీలనలో తేలే విషయాలను ఇంటికి వెళ్లి చూసుకోవడానికి, ప్లంబర్‌ను పిలిచి కొటేషన్ తెప్పించుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఫోనులో చెప్పినవి, వాట్సాప్ గ్రూపులో పెట్టినవి, వాచ్‌మన్‌కు మెట్ల దగ్గర చెప్పి వెళ్లినవి ముందుగా రిజిస్టర్‌లోకి ఎక్కించాలి. వాటికి ఎక్కించిన తేదీని కాకుండా, చెప్పిన తేదీనే వేయాలి.

తరువాత ఒక్క నెల పేజీలతో ఆగకుండా, కనీసం ఆరు నెలలు వెనక్కి వెళ్లి ప్రతి వరుసనూ ఒక విడి కాగితం మీదకు దింపుకోవాలి. ఫిర్యాదు తేదీ, ఫ్లాటు నంబరు, ఫిర్యాదు చేసినవారి మాటలు, చేసిన పని, ముగించినట్టు ఎవరు సంతకం చేశారన్నది, ఈ ఐదూ చాలు. ఫిర్యాదు చేసినవారి మాటలను మన మాటల్లోకి మార్చకూడదు. "పొద్దున పూట గోడ తడిగా ఉంటోంది" అని ఒకరు రాస్తే దానిని "లీకేజీ" అని కుదించి రాసుకున్నామంటే, ఆ "పొద్దున పూట" అన్న ఆధారం పోతుంది. ముగింపు సంతకం గడిలో ప్లంబర్‌ది, వాచ్‌మన్‌ది ఉండి ఫ్లాటువారిది లేకపోతే ఆ వరుసను ముగిసినదిగా లెక్కించకూడదు.

ఇక కాగితాన్ని తేదీల వారీగా కాకుండా ఫ్లాటు నంబర్ల చివరి అంకెల వారీగా తిరిగి రాయాలి. ఈ ఒక్క పనికే నేను ఎక్కువ సమయం కేటాయించమంటాను. మా భవనంలో 104, 204, 304, 404 ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటి బాత్‌రూముల గొట్టాలన్నీ ఒకే డక్టులో దిగుతాయి. అలా రాసినప్పుడు మూడు వేర్వేరు పేజీల్లోని మూడు వరుసలు పక్కపక్కన చేరాయి. ఏప్రిల్‌లో 204 వారు బాత్‌రూము పైకప్పుకు చెమ్మ పడుతోందని రాశారు, పెయింటు వేయించి టిక్కు పెట్టాం. మే నెలలో 104 వారు డక్టు వైపు గోడ పెచ్చులూడుతోందని రాశారు, గోడకు సిమెంటు పూయించి టిక్కు పెట్టాం. జూన్‌లో 304 వారు బాత్‌రూములో నీళ్లు నిదానంగా పోతున్నాయని రాశారు, అది మాత్రమే పెండింగులో ఉంది. రెండు ముగిసినవి, ఒకటి మిగిలినది అనుకున్నవి నిజానికి ఒకే జబ్బుకు మూడు లక్షణాలు. జబ్బు వయసును జూన్ నుంచి కాక, ఏప్రిల్‌లోని మొదటి ఫిర్యాదు నుంచి లెక్కించాలి.

కాగితం మీద కలిసినంత మాత్రాన కారణం ఒకటేనని తీర్మానించకూడదు, వెళ్లి చూడాలి. చెమ్మకు సాధారణంగా మూడు మూలాలు ఉంటాయి. వాన పడ్డ రోజుల్లోనే మరక పెరిగితే టెర్రసునో బయటి గోడనో అనుమానించాలి. ఎవరు స్నానం చేసినా చేయకపోయినా రాత్రింబవళ్లు ఒకేలా తడి ఉంటే, ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే మంచినీటి గొట్టం కారుతోందని అనుకోవాలి. పై ఇంటివారు నీళ్లు వాడిన తరువాతే తడి పెరిగితే అది మురుగు గొట్టానికో నేలకో సంబంధించినది. మా వాచ్‌మన్ ఇదే విషయాన్ని ఒక్క మాటలో తేల్చాడు: "సార్, ఆ పైనోళ్లు ఊరికి పోయిన వారం ఈ చెమ్మ ఆరిపోయింది." అటువంటి మాట ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు కనుక, పరిశీలనకు వెళ్లేటప్పుడు వాచ్‌మన్‌ను వెంట తీసుకుపోవాలి.

అయినా నిర్ధారణకు రెండు చిన్న పరీక్షలు చేశాం. 304 వారి అనుమతితో మొదట బాత్‌రూము నేలలో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాపు మూతిని గుడ్డతో బిగించి, రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నిలిపి ఒక రోజు ఉంచాం. కింద 204లో కొత్త తడి కనిపించలేదు, అంటే టైల్సు, వాటి కింది పూత బాగానే ఉన్నాయన్నమాట. మరునాడు గుడ్డ తీసి, బట్టలకు వేసే నీలి కలిపిన రెండు బకెట్ల నీళ్లను ట్రాపులోకే పోశాం. ఒక గంట లోపే 204 పైకప్పు మూలలో నీలి చుక్క దిగింది. ట్రాపుకు, డక్టులోకి వెళ్లే అడ్డ గొట్టానికి మధ్యనున్న అతుకు వదులైందని, అదే గొట్టంలో మట్టి, వెంట్రుకలు పేరుకున్నందునే 304లో నీళ్లు నిదానించి వెనక్కి తన్నుతున్నాయని ప్లంబర్ విప్పి చూపించాడు. ఆ నీళ్లే డక్టు గోడ వెంట జారి 104ను తడిపాయి. పరీక్షలకు ముందే పెయింటు వేయించడం, ఆ ఖర్చును సంఘం ఖాతాలో రాయడం మా పొరపాటు.

ఖర్చు ఎవరు భరించాలన్నది సమావేశంలో తేల్చుకోవచ్చని వదిలేస్తే రాత్రి పది దాకా వాదనే నడుస్తుంది. ముందుగానే సంఘం ఉపనియమాలు తెరిచి సంబంధిత నిబంధన దగ్గర గుర్తు పెట్టుకోవాలి. డక్టులోని నిలువు గొట్టం అందరిదీ కనుక సంఘానిదని, ఫ్లాటు నుంచి దానిలో కలిసే అతుకు వరకు యజమానిదని మా నియమాల్లో ఉంది. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని అనుకోకూడదు. ఈ నిబంధన ప్రకారం ట్రాపు మరమ్మతు 304 యజమానిది అయింది. ఆయన అనంతపురంలో ఉండి ఇంటిని అద్దెకు ఇచ్చారు కాబట్టి, సమావేశం కన్నా ముందే ఫోటోలతో సహా ఆయనకు విషయం తెలియజేసి ఒప్పుకోలు రాయించుకున్నాం.

సమావేశానికి రిజిస్టర్‌ను మోసుకుపోవడం కన్నా ఒకే కాగితాన్ని తీసుకుపోవడం మేలు. మా కాగితం మీద ముప్పై ఒక్క వరుసలు కలిసి పదిహేడు సమస్యలయ్యాయి. విద్యుత్తు, లిఫ్టు వంటి ప్రాణాపాయం ఉన్నవాటిని పైన, రోజురోజుకూ నష్టం పెంచే చెమ్మ వంటివాటిని తరువాత, మిగతావాటిని అడుగున రాయాలి. ప్రతి సమస్య పక్కన "చూస్తున్నాం" అని కాకుండా, ఇప్పుడు ఎవరి చేతిలో ఆగి ఉంది, సమావేశం ఏ నిర్ణయం చేయాలి అన్నవి రాయాలి. "304 ట్రాపు: యజమాని ఒప్పుకున్నారు, కొటేషన్ వచ్చింది. 104 గోడ పూత సంఘం ఖర్చుతో చేయించడానికి ఆమోదం కావాలి" అన్నంత స్పష్టంగా ఉంటే చర్చ రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

సమావేశం అయిన మరునాడే తీర్మానం సంఖ్యను రిజిస్టర్‌లోని మూడు వరుసల్లోనూ రాసి, ఒకదాని నుంచి మరొకదానికి పేజీ సంఖ్యలు వేయాలి. ట్రాపు మార్చిన తరువాత 204 పైకప్పు పూర్తిగా ఆరేవరకు పెయింటు వేయించకుండా ఆగాం. రెండు వారాల తరువాత మరక అంచు, దాని చుట్టూ ముందే గీసి పెట్టుకున్న పెన్సిలు గీతను దాటలేదని చూసుకుని, 204 వారి చేతనే ముగింపు సంతకం పెట్టించాం.