ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి సిద్ధమవుదాం – 4: కంపెనీ డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది?

కిందటి పాఠంతో రెజ్యూమె పని అయిపోయింది. ఇక కంపెనీ గురించి చదవాలి. "మా కంపెనీ గురించి ఏం తెలుసు?" అని అడిగితే చాలామంది స్థాపించిన సంవత్సరం, స్థాపకుడి పేరు, ఎన్ని దేశాల్లో ఉందో గడగడా చెప్పేస్తారు. అడిగినాయనకి అవన్నీ తెలిసినవే. దానికంటే ఈ కంపెనీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో, అందులో ఏది మారబోతోందో రెండు వాక్యాల్లో చెప్పగలగడం మేలు. ఈ పాఠంలో అదే నేర్చుకుందాం. ఉదాహరణకి హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌ని తీసుకుందాం.

ముందు వెబ్‌సైట్లో ఉత్పత్తుల పేజీలు చూడండి. ఒమెజ్, నైస్, స్టామ్లో లాంటివి మన మందుల షాపుల్లో రోజూ వినే పేర్లే. వాటిని చూసి ఇది ప్రధానంగా ఇండియాలో అమ్ముకునే కంపెనీ అనుకుంటాం. ఆ ఊహని కాగితం మీద రాసిపెట్టుకోండి, నిజమో కాదో వార్షిక నివేదిక చెబుతుంది.

నివేదిక వెబ్‌సైట్లోని Investors విభాగంలో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. వందల పేజీలుంటుంది, మొత్తం చదవక్కర్లేదు. ఛైర్మన్ లేఖతో మొదలుపెట్టకండి, అందులో మంచి మాటలే ఎక్కువ. Ctrl+F కొట్టి Segment, అంటే వ్యాపార విభాగం, అని వెతకండి. చాలా చోట్ల తగులుతుంది. మనకి కావలసింది చివరి భాగంలో, Consolidated ఆర్థిక నివేదికల కింద వచ్చే పట్టిక. Standalone అనే పట్టికలోకి పొరపాటున వెళ్తే అనుబంధ కంపెనీల లెక్కలు కలవవు. అంకెలు ఏ కొలతలో ఉన్నాయో పట్టిక పైన చూసుకోండి. డాక్టర్ రెడ్డీస్ మిలియన్లలో రాస్తుంది. పదితో భాగిస్తే కోట్లు వస్తాయి. 2023–24లో ఆదాయం దాదాపు 2,80,000 మిలియన్ రూపాయలు, అంటే 28,000 కోట్లు. ఇక్కడ ఒక సున్నా తప్పు చెబితే మిగతా కష్టమంతా బూడిదలో పోసినట్టే.

ఇప్పుడు ఆ ఆదాయం ఏ దేశాల నుంచి వచ్చిందో చూడండి. ఆ ఏడాది దాదాపు సగం ఉత్తర అమెరికాలో అమ్మిన జెనరిక్ మందులది, అంటే వేరే కంపెనీ కనిపెట్టిన మందుకి తక్కువ ధరలో తయారుచేసే నకళ్లది. ఇండియా వాటా సుమారు ఆరో వంతే. కాగితం మీద రాసుకున్న ఊహ కొట్టేయండి. షాపులో మన కంటికి కనిపించేది వేరు, కంపెనీని నడిపించేది వేరు.

తర్వాత Risk అని వెతకండి. ఈ కంపెనీ షేర్లు 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో కూడా ఉన్నాయి కాబట్టి, అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థకి ఏటా Form 20-F అనే నివేదిక ఇస్తుంది. అందులో Risk Factors భాగం మొహమాటం లేకుండా ఉంటుంది. అమెరికాలో జెనరిక్ ధరలు పడిపోవడం, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలు, కొన్ని మందుల మీదే ఎక్కువగా ఆధారపడటం, అన్నీ ఉంటాయి. (వకీళ్లు రాయించిన భాగం కదా, చెడ్డవార్త దాచడం వాళ్లకి లాభం కాదు.)

ఇక వార్తలు. నివేదిక మార్చి 31 దాకా జరిగినదే చెబుతుంది, ఆ తర్వాతి సంగతుల కోసమే వార్తలు కావాలి. ఇక్కడ లెనలిడొమైడ్ అనే కేన్సర్ మందు కథ చూడండి. పేటెంట్ వివాదంలో కుదిరిన ఒప్పందం ప్రకారం డాక్టర్ రెడ్డీస్ దాని జెనరిక్‌ని అమెరికాలో 2022 నుంచి పరిమిత మోతాదులో అమ్మింది. ఒప్పందంలో ఆ పరిమితి 2026 జనవరి 31 వరకే. పరిమితి పోతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మిగతా తయారీదారులూ అప్పుడే విరివిగా దిగుతారు, ధర పడిపోతుంది. ఇంకో వార్త: 2024లో నికోటినెల్ వంటి, పొగతాగడం మానడానికి వాడే ఉత్పత్తులను అమెరికా మినహా మిగతా దేశాల కోసం హేలియన్ అనే బ్రిటిష్ కంపెనీ నుంచి 50 కోట్ల పౌండ్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఒక ఆలోచన తడుతుంది: తగ్గబోయే ఆదాయానికి బదులు వెతికారా?

ఇది మన ఊహే, కంపెనీ మాట కాదు. లెనలిడొమైడ్ వాటా ఇంత అని వార్తల్లో కనిపించే శాతాలు చాలావరకు విశ్లేషకుల అంచనాలు. వాటిని ఇంటర్వ్యూలో నిజాలుగా చెప్పకండి. త్రైమాసిక ఫలితాల కాల్ ట్రాన్‌స్క్రిప్ట్ అదే Investors విభాగంలో ఉంటుంది. విశ్లేషకులు సూటిగా అడిగే ప్రశ్నలకి యాజమాన్యం ఏమందో అక్కడ సరిచూసుకోండి.

చివరికి దీన్ని మీ పనికి కలపండి. మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్ అయితే ఇలా అడగొచ్చు: "సర్, నికోటినెల్ లాంటి కన్స్యూమర్ బ్రాండ్లు వచ్చాయి కదా, డాక్టర్ల ద్వారా అమ్మే మందులకీ వీటికీ ప్రచారం చేసే పద్ధతిలో మీ టీమ్‌కి ఏం మారింది?" ఆదాయం పడిపోతుందని ఆయన్ని నిలదీయకండి.

అభ్యాసం: మీరు దరఖాస్తు పెట్టిన కంపెనీ ఉత్పత్తుల పేజీ చూసి, ఎక్కువ ఆదాయం దేన్నుంచి వస్తుందో ముందు ఊహించి రాయండి. తర్వాత సెగ్మెంట్ పట్టికతో పోల్చండి. స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ అయితే వెబ్‌సైట్లో వార్షిక నివేదిక దొరకకపోవచ్చు. అలాంటి స్టార్టప్‌ల గురించి ఐదో పాఠంలో చూద్దాం.