బైటుకూ బైటుకూ మధ్య ఏం రాయాలి? ఇంటర్వ్యూల నుంచి డాక్యుమెంటరీ వాయిస్ ఓవర్ తయారుచేయడం

నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లి వైపు ఉప్పు మళ్ల మీద ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీశామనుకోండి. చేతిలో ఇద్దరి ఇంటర్వ్యూలు ఉన్నాయి. ఒకరు ఉప్పు చేసే రైతు, ఇంకొకరు కొనే వ్యాపారి. రెండూ కలిపి గంటన్నర మాటలు, టైప్ చేస్తే ముప్పై పేజీలు దాటాయి. ఇందులోంచి రెండున్నర నిమిషాల బైట్లు, అంటే వాళ్ల గొంతులోనే వినిపించే ముక్కలు తీసి, వాటి మధ్య మన గొంతుతో కథనం అల్లాలి.

ముందు టైప్ చేసిన కాగితాన్ని నమ్మకండి. కాగితం మీద అద్భుతంగా కనిపించిన వాక్యం చెవికి చప్పగా ఉండొచ్చు. అందుకే మొదటిసారి చదివేటప్పుడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆడియో వింటూ గీతలు గీయండి. ప్రతి జవాబు పక్కన టైమ్‌కోడ్, అంటే అది రికార్డింగ్‌లో ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఉందో ఆ నంబరు ఉండాలి. యాసను దిద్దకండి. 'పోసినాం' అన్నదాన్ని 'పోశాము' అని టైప్ చేస్తే, రేపు ఎడిటింగ్‌లో ఆ ముక్క వెతుక్కోలేరు.

ఇక కోత. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదు, లేదు అనేవి ఇంకా చివర వస్తాయి. 'వ్యాపారి తూకంలో మోసం చేస్తాడని నేను అనను' అన్న మాటను 'చేస్తాడని' దగ్గర కోస్తే అర్థం తలకిందులవుతుంది. కావాలని ఎవరూ అలా చేయరు గానీ, సమయం చాలక తోక కత్తిరించేటప్పుడు జరిగిపోతుంది. రెండో చిక్కు, మనవాళ్లు మాట్లాడేటప్పుడు 'వచ్చి, చూసి, లాగి, పోసి' అంటూ గొలుసు కడతారు. ఆ 'పోసి' దగ్గర గొంతు పైకే ఉంటుంది. అక్కడ ఆపితే వినేవాడికి మధ్యలో లైను తెగినట్టు ఉంటుంది. పూర్తి క్రియ వచ్చి గొంతు కిందికి దిగే చోటే కోయాలి. అలాంటి చోటు దొరక్కపోతే ఆ బైట్ వదిలేసి, విషయాన్ని కథనంలోకి తీసుకోండి.

బైట్లు ఏరేటప్పుడు నేను ఒక్కటే చూస్తాను. ఈ మాట ఇంకెవరు చెప్పినా ఇంతేనా? అంతే అయితే అది కథనానికి. ఆ మనిషి నోటనే వినాల్సింది అయితే బైట్‌కి. ఉప్పు ఎలా తయారవుతుందో రైతు పది నిమిషాలు వివరించారు, మధ్యలో మూడుసార్లు వెనక్కి వెళ్లారు. అది మనం రెండు వాక్యాల్లో చెప్పగలం. లెక్కలు ఉన్నచోట కూడా చెవికి పట్టేలా చెప్పాలి. ఉప్పునీటి చిక్కదనం దాదాపు 25 డిగ్రీల బోమేకి వచ్చినప్పుడు ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ఇది నిజమే గానీ విన్నవాడికి ఏమీ తెలియదు. సముద్రపు నీరైతే, ఎండకు ఆవిరై సుమారు పదో వంతుకు తగ్గినప్పుడు ఆ స్థితి వస్తుంది. కాబట్టి ఇలా రాయొచ్చు: 'పది బిందెల సముద్రపు నీళ్లు ఎండకు ఇగిరి ఒక్క బిందె అయితేనే మడిలో ఉప్పు మెరుస్తుంది.'

ఇప్పుడు అసలు పని, లింకు రాయడం. అంటే బైట్‌కు ముందు వచ్చి, దానిలోకి తీసుకెళ్లే కథనం ముక్క. వాన గురించి అడిగినప్పుడు రైతు చెప్పింది ఇది:

'ఏముంది సార్, కరిగిపోద్ది. మొన్న ఏప్రిల్లో అట్టాగే వచ్చింది. పొద్దున్నే పలకతో లాగి కుప్ప పోసినాం, పట్టా కప్పేలోపలే... గంట. ఒక్క గంటలో నీళ్లే. పట్టా చాలకపోతే మా ఆవిడ కుప్ప మీద పడుకునింది సార్.'

నేను మొదట రాసిన లింకు: 'అకాల వర్షాలు ఉప్పు రైతును కుంగదీస్తున్నాయి. ఒక్క గంట వానకే పంటంతా నీళ్లపాలవుతుంది.' ఇందులో రెండు తప్పులున్నాయి. కుంగదీయడం అనేది వార్తల భాష. అంతకంటే పెద్ద తప్పు, రైతు చెప్పబోయే 'ఒక్క గంట'ను మనమే ముందు చెప్పేశాం. తర్వాత ఆయన చెప్పేది పాత సంగతి అయిపోతుంది. లింకు ఎప్పుడూ బైట్‌లోని బలమైన మాటను ముట్టుకోకూడదు. దాని గుమ్మం దాకా తీసుకెళ్లి ఆగాలి.

ఇంకో సంగతి. ప్రశ్న సినిమాలో వినిపించదు. 'అట్టాగే వచ్చింది' అంటే వచ్చింది ఏమిటి? తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కాబట్టి ఇలాంటివి అడుగడుగునా తగులుతాయి. 'అది', 'వాళ్లు', 'అప్పుడు' అనే మాటలు బైట్‌లో ఎక్కడున్నాయో గుండ్రంగా చుట్టి, ఆ పేరును లింకులో పెట్టాలి. అలా మారాక రెండో లింకు ఇదీ:

'ఉప్పు రైతుకు ఎండే పెట్టుబడి. ఆ ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. పొద్దున లాగిన కుప్ప ఇంకా గట్టు మీదే ఉంది.'

దీని తర్వాత బైట్ 'పట్టా కప్పేలోపలే' దగ్గర మొదలవుతుంది. తేదీ, కుప్ప, మబ్బు అన్నీ మనం ఇచ్చేశాం కాబట్టి ముందు ముక్క అక్కర్లేదు. చివర ఆవిడ మాట అయ్యాక వెంటనే కథనం పెట్టకండి. రెండు మూడు సెకన్లు మళ్ల మీది గాలి చప్పుడు వదలండి. అక్కడ మనం ఏం చెప్పినా ఎక్కువే.

లింకు పొడవుకు నాకు గడియారమే కొలత. నేను తీరిగ్గా చదివితే నిమిషానికి దాదాపు వంద మాటలు. పది సెకన్ల లింకు అంటే పదహారు, పదిహేడు మాటలు. పైదాన్ని మీరు కూడా గట్టిగా చదివి చూడండి. ఊపిరి మధ్యలో తీయాల్సి వస్తే వాక్యం పొడవైందన్నమాట.

రైతు నుంచి వ్యాపారికి వెళ్లే చోట ఎక్కువ జాగ్రత్త కావాలి. రైతు 'రేటు మేము చెప్పేది కాదు సార్, లారీ వాళ్లు చెప్పేది' అన్నారు. వ్యాపారి 'గోతాలు, కూలీ, డీజిల్ అన్నీ మా మీదే కదా' అన్నారు. మధ్యలో 'అయితే వ్యాపారులు మాత్రం' అని రాస్తే, రైతు మాటకు మనం కొర్రీ పెట్టినట్టే. 'కానీ' అన్నా అంతే, తీర్పు వినిపిస్తుంది. అందుకే ఒక వస్తువు చేతికిచ్చి దాటించాను: 'గట్టు మీది కుప్ప గోతాల్లోకెక్కింది. లారీ రోడ్డెక్కే ముందు దాని లెక్క ఇంకొకరి పుస్తకంలో ఉంటుంది.' ఇక వ్యాపారి మాట్లాడొచ్చు. ఎవరిది నిజమో చూసేవాళ్లు తేల్చుకుంటారు.

అన్నీ అయ్యాక లింకులను ఫోన్‌లో రఫ్‌గా రికార్డు చేసి బైట్ల మధ్య పెట్టి, తెరవైపు చూడకుండా వినండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియక ఆగిన చోట, ఒకే మాట రెండుసార్లు వినబడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నాకు అలా విన్నప్పుడే 'మధ్యాహ్నం' తగిలింది. రైతు ఎక్కడా మధ్యాహ్నం అనలేదు. వాక్యం నడకకు బాగుందని నేనే పెట్టేశాను. ఫోన్ చేసి అడిగితే 'పొద్దు గూకే వేళ సార్' అన్నారు. కథనంలో ఉన్న ప్రతి వివరానికీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో టైమ్‌కోడ్ గానీ, చూసి నిర్ధారించుకున్న ఆధారం గానీ ఉండాలి. నేను ఇప్పుడు ప్రతి లింకు పక్కన ఆ నంబరు రాసుకుంటాను. నంబరు లేని మాట కొట్టేస్తాను.

అప్పటికే మంచి మైక్‌లో రికార్డింగ్ అయిపోయింది కాబట్టి, ఆ ఒక్క మాటే మళ్లీ చదివి అతికించాను. అతుకు స్పష్టంగా తెలిసిపోయింది, గొంతు ఎత్తు వేరు, గది మోత వేరు. చివరికి అదే గదిలో, అదే దూరంలో కూర్చుని మూడు వాక్యాలూ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.