రెజ్యూమెలో ‘రెస్పాన్సిబుల్ ఫర్’: తీసేసి ఏం రాయాలి?

సమస్య: పాయింట్లన్నీ ‘రెస్పాన్సిబుల్ ఫర్’తోనే మొదలవుతున్నాయి. రాసిందంతా నిజమే, కానీ మీరు రోజంతా ఏం చేసేవారో చదివినవాళ్లకు అర్థం కాదు. ఆ పాయింటును అదే పోస్టులో ఉన్న మీ పక్క సీటాయన రెజ్యూమెలో పెట్టి చూడండి. ఒక్క మాట కూడా మార్చకుండా సరిపోయిందంటే దాన్ని తిరగరాయాల్సిందే.

కారణం: చాలామంది ఈ వాక్యాన్ని జాబ్ డిస్క్రిప్షన్ నుంచి ఎత్తి పెడతారు. కంపెనీ మీకు ఏం అప్పగించిందో అందులో ఉంటుంది, మీరేం చేశారో ఉండదు. అప్పగించిన పని ముట్టుకోనివాళ్లు కూడా అదే వాక్యం నిక్షేపంగా రాసుకోవచ్చు.

పరిష్కారం: క్రియాపదాల జాబితా కోసం వెతక్కండి. ముందు ఆ పనిని స్నేహితుడికి చెప్పినట్టు తెలుగులో చెప్పండి. ఉదాహరణకు ‘రెస్పాన్సిబుల్ ఫర్ వెండర్ పేమెంట్స్’ అని ఉందనుకుందాం. దీన్ని ‘మేనేజ్డ్ వెండర్ పేమెంట్స్’ అని మారిస్తే మాట మారింది కానీ మసక పోలేదు. అసలు జరిగింది ఇది: “బిల్లు రాగానే పర్చేజ్ ఆర్డర్‌తో పోల్చి చూసేవాణ్ని. తేడా ఉంటే వెండర్‌కి ఫోన్ చేసి సరిచేయించేవాణ్ని. తర్వాత సంతకానికి మేనేజర్‌కి పంపేవాణ్ని.” క్రియలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంగ్లీషులో ఇలా వస్తుంది: ‘చెక్డ్ వెండర్ ఇన్‌వాయిసెస్ అగైన్‌స్ట్ పర్చేజ్ ఆర్డర్స్ అండ్ రిజాల్వ్డ్ మిస్‌మ్యాచెస్ బిఫోర్ అప్రూవల్.’

ఇక్కడ ‘అప్రూవ్డ్’ అని రాయకూడదు, సంతకం మేనేజర్‌ది కదా. ‘ప్రిపేర్డ్’, ‘రివ్యూడ్’, ‘అప్రూవ్డ్’ అనేవి మూడు వేర్వేరు అధికారాలు. ఇంటర్వ్యూలో తవ్వేది సరిగ్గా ఇక్కడే.

ఇంకో సమస్య: మార్చాక వాక్యం కృతకంగా ఉంది. ‘స్పియర్‌హెడెడ్’, ‘ఆర్కెస్ట్రేటెడ్’ లాంటి బరువైన మాటలు పడితే ఇలా అవుతుంది. ఇద్దరు కూర్చుని ఎక్సెల్ షీటు సరిచేస్తే దానికి ‘స్పియర్‌హెడెడ్’ ఎందుకండీ! ముందు ‘ఐ’ చేర్చి వాక్యాన్ని పైకి చదవండి. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ల ముఖం చూస్తూ అనడానికి మొహమాటంగా ఉంటే ‘బిల్ట్’, ‘ఫిక్స్డ్’, ‘ట్రెయిన్డ్’, ‘రోట్’ లాంటి మామూలు మాటకు దిగిరండి. ఒకే క్రియ రెండుసార్లు వచ్చినా ఫరవాలేదు. వైవిధ్యం కోసం తప్పు మాట వాడటమే అసలు ప్రమాదం.

కాలం కూడా చూసుకోండి: పాత ఉద్యోగానికి ‘చెక్డ్’, ఇప్పుడు చేస్తున్న పనికి ‘చెక్’.

బాధ్యత గురించి ఎప్పుడు చెప్పాలి: తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నిజంగా మీరే అయితే ఆ సంగతి దాచకండి. అయితే దేనికి, ఎంతవరకు అన్నది రాయండి. ‘హెల్డ్ ఫైనల్ సైన్-ఆఫ్ ఆన్ ఆల్ వెండర్ పేమెంట్స్’ అంటే బాధ్యత ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది.