కాఫీ గ్రైండర్‌లో మక్కు వాసన: బియ్యం పోసి తిప్పితే పోతుందా?

సమస్య: గింజలు తాజావే. కాఫీ మాత్రం నాలుగు రోజులు నిల్వ ఉన్న నూనెలా వాసన వస్తోంది, గుటక వేశాక గొంతులో చేదు మిగులుతోంది.

కారణం: వేయించిన గింజలో నూనె ఉంటుంది. ఎంత నల్లగా వేయిస్తే అంతగా అది పైకి తేలుతుంది. గ్రైండర్ గోడలకు అంటుకున్న ఆ నూనె గాలి తగిలి మక్కిపోతుంది, సన్నటి పొడి దాని మీద పేరుకుంటుంది. ఆ తర్వాత వేసే గింజలన్నీ అందులోంచే రావాలి. అనుమానం తీరాలంటే ఖాళీ గ్రైండర్ లోపల తెల్లటి పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. గోధుమరంగు జిడ్డు మరక పడితే గింజల తప్పేమీ లేదు.

పరిష్కారం: ముందు ప్లగ్గు తీసేయండి. రెండు పళ్ల చక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్ అయితే, పై చక్రం ఏ అంకె దగ్గర ఉందో ఫోనుతో ఫొటో తీసుకుని, దాన్ని విప్పండి. గట్టి కుచ్చు ఉన్న పొడి బ్రష్‌తో పళ్ల సందులను, పొడి బయటికి వచ్చే గొట్టాన్ని రుద్దండి. అసలు మురికి ఆ గొట్టంలోనే గట్టిపడి ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. ఉక్కు చక్రాలను నీటితో కడగవద్దు, తుప్పు పడతాయి. గింజలు పోసే గిన్నె ఊడివచ్చేదైతే సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. చివరగా గుప్పెడు గింజలు మరపట్టి, ఆ పొడిని పారేయండి.

బియ్యం చిట్కా సంగతి: ఇందులో కొంత నిజం ఉంది. బియ్యప్పిండి జిడ్డును కొంత పీల్చుకుంటుంది. అందుకే బ్లేడు గ్రైండర్‌లో పావు కప్పు బియ్యం పొడి చేసి, పారబోసి, తడి గుడ్డతో తుడిస్తే వాసన తగ్గుతుంది.

బర్ గ్రైండర్‌లో మాత్రం నేను వద్దనే చెబుతాను. వేయించిన గింజ పెళుసుగా ఉండి తేలిగ్గా విరుగుతుంది. పచ్చి బియ్యం దానికంటే చాలా గట్టిది. చక్రాలు సన్నపొడికి దగ్గరగా బిగించి ఉంటే బియ్యం ఇరుక్కుని మోటారు మూలుగుతూ ఆగిపోవచ్చు. పైగా పిండి సందుల్లో మిగిలిపోతుంది, అంటే ఒక మురికి పోయి ఇంకొకటి చేరుతుంది. ఇలాంటి వాడకానికి వారంటీ వర్తించదని చెప్పే తయారీదారులూ ఉన్నారు. విప్పే ఓపిక లేనప్పుడు గ్రైండర్ల కోసమే అమ్మే శుభ్రపరిచే బిళ్లలు వాడండి. అవి గింజలాగే సులువుగా నలుగుతాయి. అయితే గొట్టంలో గట్టిపడిన ముద్దను అవి కూడా కదిలించలేవు, దానికి బ్రష్ పట్టాల్సిందే.

శుభ్రం చేశాక పొడి ఎగుడుదిగుడుగా వస్తుంటే: చక్రం సరిగ్గా కూర్చోలేదు. దాని అడుగున చిటికెడు పొడి మిగిలినా అది ఓరగా నిలుస్తుంది. మళ్లీ విప్పి, చక్రం కూర్చునే అంచును తుడిచి, ఫొటోలోని అంకె దగ్గరే బిగించండి.