సారాంశం కాదు, విశ్లేషణ కావాలన్నారు: నేను ఎలా రాశానంటే

నర్సింగ్‌లో ఒక పరిశోధనా వ్యాసాన్ని విమర్శించి రాయాల్సిన ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అసైన్‌మెంట్ రెండుసార్లు వెనక్కి వచ్చింది. "ఇది సారాంశం, విమర్శ ఎక్కడ?" అని మేడమ్ ప్రశ్న. చెక్‌లిస్టు నింపడం, సీనియర్ల ఫైలు చూడడం, వ్యాసం నాలుగుసార్లు చదవడం, ఏదీ పనిచేయలేదు.

నేను తీసుకున్న వ్యాసం 2002లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన లిండా ఐకెన్ బృందానిది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు, సర్జరీ తర్వాత 30 రోజుల్లో మరణాలెన్ని అన్నది విషయం.

ఈసారి అబ్‌స్ట్రాక్ట్, చర్చ మూసేసి, ముందు పద్ధతుల భాగమే చదివాను. సర్వేకు జవాబిచ్చిన నర్సులు దాదాపు 52 శాతం. మిగతా సగం ఎవరు? బాగా విసిగిపోయినవాళ్లే ఎక్కువగా రాసి ఉంటే? ఇక్కడ ఆగకుండా, ఆ పక్షపాతం ఏ ఫలితాన్ని తాకుతుందో వెతికాను. మరణాలు రికార్డుల నుంచి తీసుకున్నవి, కాబట్టి వాటిని నేరుగా తాకదు. కానీ రోగుల సంఖ్య నర్సులు చెప్పిందే, అక్కడ తాకవచ్చు. నా మార్కులు ఈ ఒక్క పేరా వల్లే వచ్చాయనుకుంటా.

తర్వాత వ్యాలిడిటీ, అంటే ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్నది. ఒక్కో రోగి పెరిగితే మరణపు ఆడ్స్ 7 శాతం పెరిగాయంటారు. నేను మొదట "7 శాతం మంది ఎక్కువగా చనిపోతారు" అని తప్పు రాశాను. ఆడ్స్ అంటే చనిపోయినవాళ్లకూ బతికినవాళ్లకూ మధ్య నిష్పత్తి, చనిపోయేవాళ్ల శాతం కాదు. పైగా అంతా ఒకే కాలపు కొలత, కాబట్టి సంబంధం తెలుస్తుంది, కారణం రుజువు కాదు. సర్జరీ రోగుల లెక్కను మన మెడికల్ వార్డుకు అలాగే అతికించలేం.

క్వాలిటేటివ్ వ్యాసానికి ఈ దారి సరిపోతుందని మాత్రం చెప్పలేను, ప్రయత్నించలేదు.